బిల్లులో జీఎస్టీ నంబరు తప్పు పడితే సరిదిద్దించుకోవడం ఎలా?

సరుకు అమ్మినవారు ఇచ్చే పన్ను ఇన్‌వాయిస్‌లో కొన్నవారి జీఎస్టీ నంబరు తప్పు పడినా, పన్ను మొత్తం తప్పు పడినా, దాన్ని సరిచేసే అధికారం అమ్మినవారికే ఉంటుంది. కొన్నవారు చేయగలిగింది అడగడం. ఎప్పుడు అడిగారు, ఏమని అడిగారు, ఏ కాగితం చేతికి వచ్చేదాకా వెంటపడ్డారు అన్నదాన్ని బట్టి కట్టిన పన్ను తిరిగి లెక్కలోకి రావడమో, నష్టం కింద రాసుకోవాల్సి రావడమో తేలుతుంది.

జీఎస్టీలో రిజిస్టరైన వ్యాపారి సరుకు కొన్నప్పుడు చెల్లించిన పన్నును, తాను అమ్మినప్పుడు ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకోవచ్చు. దీన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. వ్యాపారుల వాడుకలో ఇది ఉత్త ‘ఇన్‌పుట్’. బిల్లు చేతిలో ఉండి, సరుకు గోడౌనుకు చేరి, డబ్బు చెల్లించినంత మాత్రాన ఈ మినహాయింపు దక్కదు. అమ్మినవారు ఆ బిల్లు వివరాలను తమ జీఎస్టీఆర్-1 రిటర్నులో చూపించాలి. అవి కొన్నవారి జీఎస్టీఆర్-2బి పట్టికలోకి రావాలి. 2022 జనవరి 1 నుంచి సీజీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ఈ షరతు పెట్టింది. అమ్మినవారి రిటర్నును కొన్నవారి పట్టికతో కలిపే దారం జీఎస్టీ నంబరే. ఆ నంబరులో ఒక్క అక్షరం మారితే దారం తెగినట్టే.

నంబరులో ఏముంటుంది

జీఎస్టీ నంబరులో 15 స్థానాలుంటాయి. ఉదాహరణకు ఒక కల్పిత నంబరు చూడవచ్చు: `36ABCDE1234F1Z1`. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది స్థానాల్లో ఉన్నది పాన్ నంబరు. పదమూడో స్థానం అదే పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది. పద్నాలుగో స్థానంలో సాధారణంగా Z ఉంటుంది. చిట్టచివరిది సరిచూపు గుర్తు. దాన్ని ఎవరూ ఎంచుకుని పెట్టరు, ముందున్న 14 స్థానాల నుంచి ఒక లెక్క ప్రకారం అది పుడుతుంది.

టైపింగ్ పొరపాట్లలో చాలావాటిని పట్టించేది ఈ చివరి గుర్తే. పై నంబరులో 1234ను పొరపాటున 1243 అని కొట్టారనుకుంటే, లెక్క ప్రకారం చివరి గుర్తు 0 కావాలి. బిల్లు మీద మాత్రం 1 ఉంటుంది. జీఎస్టీ పోర్టల్ ఇలాంటి నంబరును చెల్లదని తిప్పికొడుతుంది. అయితే దుకాణంలో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్లన్నీ ఈ లెక్క చూడవు. అందుకే తప్పు నంబరుతోనే బిల్లు అచ్చయి, సరుకుతో పాటు వచ్చేస్తుంది. నెల తిరిగాక రిటర్ను వేసేటప్పుడు పోర్టల్ ఆ నంబరును ఒప్పుకోదు. గడువు ముంచుకొచ్చిన తొందరలో ఆ బిల్లును రిజిస్ట్రేషన్ లేని వినియోగదారులకు అమ్మిన ఖాతాలో, అంటే బీ2సీలో వేసేస్తుంటారు. అమ్మినవారు పన్ను కట్టినట్టే. కొన్నవారి పట్టికలో మాత్రం ఆ బిల్లు ఆనవాలే ఉండదు.

రెండో రకం తప్పు ఇంతకంటే చిక్కైనది. నంబరు అసలుదే, పోర్టల్ ఒప్పుకుంటుంది, కానీ అది వేరొకరిది. బిల్లు కొట్టే మనిషి కస్టమర్ల జాబితాలో ఒకే పేరున్న రెండు దుకాణాల్లో ఒకదానికి బదులు ఇంకోదాన్ని ఎంచుకుంటే ఇలా జరుగుతుంది. అప్పుడు ఆ క్రెడిట్ సంబంధం లేని వ్యాపారి పట్టికలోకి పోతుంది. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ శాఖలున్న సంస్థలకు ఇది తరచూ ఎదురవుతుంది. పై కల్పిత నంబరుకు ఆంధ్రప్రదేశ్ జోడీ `37ABCDE1234F1ZZ` అవుతుంది. పాన్ ఒకటే, యజమాని ఒకరే. అయినా చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు రిజిస్ట్రేషన్లు. హైదరాబాద్ శాఖ కొన్న సరుకు బిల్లు విజయవాడ నంబరు మీద పడితే, హైదరాబాద్ రిటర్నులో దాని ఇన్‌పుట్ తీసుకోవడం కుదరదు. ఒకే సంస్థ కదా అని ఊరుకుంటే పనికాదు.

బిల్లులోని మిగతా పొరపాట్లన్నీ ఇంత ప్రమాదకరమైనవి కావు. జీఎస్టీ నిబంధనల్లో 36వది దీనికి కొలబద్ద ఇస్తుంది. ఇన్‌వాయిస్‌లో ఉండాల్సిన వివరాల్లో కొన్ని లోపించినా పన్ను మొత్తం, సరుకు వివరం, మొత్తం విలువ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, అంతర్రాష్ట్ర సరఫరా అయితే సరఫరా స్థలం ఉంటే క్రెడిట్ తీసుకోవచ్చని ఆ నిబంధన చెబుతుంది. వీధి పేరు తప్పు పడితే వచ్చేసారికి సరిచేయమని చెబితే చాలు. నంబరు, మొత్తం తప్పు పడితే మాత్రం ఈ బిల్లునే సరిచేయించుకోవాలి.

తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

సరిచేయమని అడిగేముందు తప్పు కాగితం మీద ఉందా, రిటర్నులో ఉందా, రెండుచోట్లా ఉందా అన్నది తేల్చుకోవాలి. మూడింటికీ మందు వేరు. కాగితం మీద అన్నీ సరిగ్గా ఉండి, అమ్మినవారు రిటర్నులో ఎక్కించేటప్పుడు మాత్రమే పొరపడి ఉంటే, కొత్త బిల్లు అవసరమే లేదు. రిటర్ను సవరణ చాలు. కాగితమే తప్పయితే ఆ తప్పును విలువ ప్రకారం సరిచేసే ఇంకో పత్రం కావాలి.

దీనికి రెండు చూపులు చాలు. మొదటిది, సరుకు దిగిన రోజునే బిల్లును కొనుగోలు ఆర్డరుతో పక్కపక్కన పెట్టి చూడడం. నంబరును ఒక్కో అక్షరంగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో సరిపోల్చాలి. ముఖ్యంగా సున్నాకీ O అక్షరానికీ, 1కీ I అక్షరానికీ, 5కీ Sకీ పొరపాటు పడడం ఎక్కువ. ఏ నంబరు ఎవరిదో పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే `Search Taxpayer` కింద `Search by GSTIN/UIN`లో చూడవచ్చు. నంబరు కొడితే వ్యాపారం పేరు, రాష్ట్రం, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో లేదో వస్తుంది. రెండో చూపు నెల తర్వాతది. నెలనెలా రిటర్ను వేసేవారు ఒక నెల జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11లోగా వేయాలి. 14న కొన్నవారి జీఎస్టీఆర్-2బి తయారవుతుంది. 20లోగా వేయాల్సిన జీఎస్టీఆర్-3బికి ముందు ఈ పట్టికను కొనుగోలు పుస్తకంతో సరిచూసుకోవాలి.

2బిలో బిల్లు కనిపించనంత మాత్రాన తప్పు జరిగిందని అనుకోవడానికీ లేదు. ఏడాది టర్నోవర్ 5 కోట్ల రూపాయల లోపు ఉన్నవారు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అలాంటివారు త్రైమాసికంలో మొదటి రెండు నెలల బిల్లులను విడిగా అప్‌లోడ్ చేయకపోతే, అవి త్రైమాసికం ముగిశాకే కనిపిస్తాయి. అందుకే తప్పుపట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘మీరు రిటర్ను నెలకా, మూడు నెలలకా?’

ఒక బిల్లు, రెండు తప్పులు

ఖమ్మంలోని ఒక హార్డ్‌వేర్ దుకాణం హైదరాబాద్ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 100 పీవీసీ పైపులు కొన్నదనుకుందాం. మాట్లాడుకున్న ధర పైపుకు 320 రూపాయలు. అంటే సరుకు విలువ 32,000. పీవీసీ పైపులపై 18 శాతం పన్ను. ఇద్దరూ ఒకే రాష్ట్రంలో ఉన్నారు కాబట్టి కేంద్ర పన్ను 2,880, రాష్ట్ర పన్ను 2,880 పడాలి. మొత్తం 37,760 కావాలి.

2025 డిసెంబర్ 9 తేదీతో వచ్చిన బిల్లులో పైపు ధర 350 అని పడింది. దాంతో సరుకు విలువ 35,000, పన్ను 6,300, మొత్తం 41,300 అయ్యాయి. పైగా దుకాణం నంబరులో 1234కు బదులు 1243 ఉంది. ఇక్కడ రెండు తప్పులు. ఒకటి 3,540 రూపాయలు ఎక్కువ అడుగుతోంది. రెండోది 6,300 రూపాయల పన్నును మొత్తంగా గల్లంతు చేస్తోంది. కంటికి ముందు కనిపించేది ధర తప్పే, కానీ పెద్ద నష్టం తెచ్చేది నంబరు తప్పు.

సరుకు దిగిన డిసెంబర్ 10నే దుకాణదారు చూసి ఫోను చేస్తే పని చాలా తేలిక. డిసెంబర్ రిటర్ను వేయడానికి ఇంకా నెల రోజులుంది. ఈ వ్యాపారి ఈ-ఇన్‌వాయిస్ పరిధిలో లేడు. సరుకు విలువ 50,000 లోపే కాబట్టి ఈ-వే బిల్లు చిక్కూ లేదు. హోల్‌సేల్ వ్యాపారి పాత బిల్లును రద్దు చేసి, కొత్త నంబరుతో సరైన బిల్లు ఇస్తే సరిపోతుంది. రద్దు చేసిన బిల్లు నంబరును జీఎస్టీఆర్-1లోని పత్రాల జాబితాలో రద్దయినట్టు చూపిస్తారు. దుకాణదారు పాత బిల్లు అసలు ప్రతిని వెనక్కి ఇచ్చి, దాని నకలు మీద ‘రద్దు, దీని బదులు ఫలానా నంబరు బిల్లు’ అని రాసి దాచుకోవాలి. పాత నంబరుతోనే ఇంకో బిల్లు అచ్చువేసి ఇస్తామంటే ఒప్పుకోకూడదు. ఒకే నంబరుతో రెండు రకాల అంకెలున్న బిల్లులు తర్వాత తనిఖీలో ఇద్దరికీ తలనొప్పి అవుతాయి.

అదే తప్పు జనవరి 14న, 2బి పట్టికలో బిల్లు కనిపించనప్పుడు బయటపడితే దారి మారుతుంది. అప్పటికి డిసెంబర్ జీఎస్టీఆర్-1 దాఖలైపోయింది. పోర్టల్ ఆ నంబరును ఒప్పుకోకపోవడంతో బిల్లు బీ2సీ ఖాతాలో చేరింది. దాఖలైన బిల్లును ఇక రద్దు చేయడం కాదు, సవరించాలి. హోల్‌సేల్ వ్యాపారి ఫిబ్రవరి 11లోగా వేసే జనవరి జీఎస్టీఆర్-1లో మూడు పనులు చేయాలి. బీ2సీలో చూపించిన 35,000ను సవరణ పట్టికలో తగ్గించాలి. అదే బిల్లును అదే నంబరు, అదే తేదీతో దుకాణం సరైన జీఎస్టీ నంబరు కింద చూపించాలి. ఎక్కువ వేసిన ధరకు 3,000 విలువ, 270 కేంద్ర పన్ను, 270 రాష్ట్ర పన్నుతో క్రెడిట్ నోటు ఇచ్చి దాన్నీ రిటర్నులో ఎక్కించాలి.

ఫిబ్రవరి 14న దుకాణం 2బి పట్టికలో 6,300 పన్నుతో బిల్లు, 540 పన్నుతో క్రెడిట్ నోటు రెండూ కనిపిస్తాయి. రెండూ పోగా మిగిలే ఇన్‌పుట్ 5,760. అది అసలు లెక్కకు సరిగ్గా సరిపోతుంది. దీన్ని జనవరి 3బిలో తీసుకోవాలి. బిల్లు డిసెంబర్‌ది కదా అని, పట్టికలోకి రాకముందే డిసెంబర్ 3బిలో తీసుకోకూడదు. అర్హత లేని క్రెడిట్ తీసుకుని వాడేస్తే దాన్ని వెనక్కి కట్టడంతో పాటు ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా పడుతుంది.

పోర్టల్ ఒప్పుకున్న వేరొకరి నంబరు మీద బిల్లు పడి ఉంటే, అమ్మినవారు తర్వాతి జీఎస్టీఆర్-1లోని 9ఎ సవరణ పట్టికలో నంబరు మార్చాలి. 2024లో వచ్చిన జీఎస్టీఆర్-1ఎ ఫారంతో అదే నెల తప్పులను 3బి వేయకముందే సరిచేసుకునే వీలుంది. అంకెల తప్పులకు అది పనికొస్తుంది. కొన్నవారి జీఎస్టీ నంబరు మార్చడానికి మాత్రం పనికిరాదు. నంబరు మార్పు తర్వాతి నెల జీఎస్టీఆర్-1లోనే చేయాలి.

క్రెడిట్ నోటు, డెబిట్ నోటు

మొత్తాల తప్పుకు చట్టం చూపిన దారి సీజీఎస్టీ 34వ సెక్షన్. బిల్లులో సరుకు విలువో పన్నో ఎక్కువ పడితే అమ్మినవారు క్రెడిట్ నోటు ఇవ్వాలి. తక్కువ పడితే డెబిట్ నోటు ఇవ్వాలి. రెండూ అమ్మినవారే ఇవ్వాలి. ఆ నోటు మీద అసలు బిల్లు నంబరు, తేదీ ఉండాలి. ఇక్కడ వ్యాపారుల పాత అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. ఎక్కువ వేసిన బిల్లుకు కొన్నవారు తామే ఒక డెబిట్ నోటు రాసి, బాకీలోంచి కోసుకుని ఊరుకుంటారు. ఇద్దరి ఖాతాల మధ్య బాకీ సర్దుబాటుకు ఆ కాగితం చాలవచ్చు. పన్ను లెక్కలో అది చెల్లదు. అమ్మినవారి పన్ను తగ్గదు, పోర్టల్‌లో ఏమీ మారదు.

క్రెడిట్ నోటు వస్తే కొన్నవారి పనీ ఒకటుంది. ఎక్కువ పన్నుతో ఇన్‌పుట్ ముందే తీసుకుని ఉంటే, ఆ తేడాను వెనక్కి కట్టాలి. కొన్నవారు అలా వెనక్కి కట్టకపోతే అమ్మినవారికి పన్ను తగ్గింపు దక్కదని 2025 ఫైనాన్స్ చట్టం స్పష్టం చేసింది. 2024 అక్టోబర్ నుంచి పోర్టల్‌లో ఉన్న ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో కొన్నవారు ప్రతి బిల్లును, నోటును అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు. ఏమీ చేయకపోతే అంగీకరించినట్టే లెక్క. సరిచేయమని తామే అడిగి తెప్పించుకున్న క్రెడిట్ నోటును చూడకుండా తిరస్కరిస్తే ఆ పన్ను భారం మళ్లీ అమ్మినవారి మీద పడుతుంది. తమది కాని బిల్లు తమ ఖాతాలో కనిపించినవారు మాత్రం దాన్ని తిరస్కరించాలి. వేరొకరి క్రెడిట్ తమ చేతికి రాకుండా ఉండటానికి అదే దారి.

చాలామంది అడిగేటప్పుడు ‘రివైజ్డ్ ఇన్‌వాయిస్ పంపండి’ అంటారు. మామూలు మాటల్లో సరిచేసిన బిల్లు అని దాని ఉద్దేశం. చట్టంలో ఆ పేరుకు అర్థం వేరు. కొత్తగా రిజిస్ట్రేషన్ తీసుకున్న వ్యాపారి, రిజిస్ట్రేషన్ అమల్లోకి వచ్చిన తేదీకీ సర్టిఫికెట్ చేతికందిన తేదీకీ మధ్య ఇచ్చిన బిల్లుల స్థానంలో, సర్టిఫికెట్ వచ్చిన నెలలోగా ఇచ్చేది రివైజ్డ్ ఇన్‌వాయిస్. టైపింగ్ తప్పులకు అది మందు కాదు. కాబట్టి లేఖలో ఆ మాట వాడకుండా ‘బిల్లు రద్దు చేసి కొత్త బిల్లు’, ‘రిటర్ను సవరణ’, ‘క్రెడిట్ నోటు’ అని కావలసినదాన్ని పేరు పెట్టి అడిగితే అటువైపు అకౌంటెంటుకు పని తేలిక అవుతుంది.

ఈ-ఇన్‌వాయిస్ అయితే 24 గంటలే

ఏడాది టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారులు 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారులకు ఇచ్చే బిల్లులను ఈ-ఇన్‌వాయిస్‌గా ఇవ్వాలి. బిల్లు వివరాలు ముందు ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్తాయి. అక్కడ 64 అక్షరాల ఐఆర్ఎన్ నంబరు, క్యూఆర్ కోడ్ పుట్టాకే బిల్లు చెల్లుతుంది. ఈ పోర్టల్ చెల్లని జీఎస్టీ నంబరును మొదటే ఆపేస్తుంది. అందుకే ఈ-ఇన్‌వాయిస్‌లో 1234, 1243 లాంటి పొరపాటు సాధారణంగా దాటిపోదు. వేరొకరి అసలు నంబరు పడడం, ధరలో తప్పు మాత్రం దాటిపోతాయి.

ఈ-ఇన్‌వాయిస్‌ను పోర్టల్‌లో దిద్దడం కుదరదు. రద్దు చేయడం ఒక్కటే వీలు, అదీ నమోదైన 24 గంటల్లోపు. బిల్లులో ఒక్క వరుసనే రద్దు చేయడం ఉండదు, మొత్తం బిల్లునే రద్దు చేయాలి. ఆ బిల్లు మీద ఈ-వే బిల్లు అమల్లో ఉంటే ముందు దాన్ని రద్దు చేయాలి. రద్దయిన బిల్లు నంబరును మళ్లీ వాడనివ్వదు, కొత్త బిల్లుకు కొత్త నంబరు కావాలి. అందువల్ల ఈ-ఇన్‌వాయిస్ ఇచ్చే సప్లయర్ దగ్గర కొన్నవారు, సరుకు లారీలో ఉండగానే వాట్సాప్‌లో వచ్చిన బిల్లు పీడీఎఫ్‌ను తెరిచి నంబరు, మొత్తం సరిచూసుకుంటే ఎంతో మేలు. మర్నాడు సరుకు దిగాక చూద్దామనుకునేలోపు ఆ 24 గంటలు అయిపోవచ్చు. గడువు దాటితే రిటర్ను సవరణ, క్రెడిట్ నోటు దారే మిగులుతుంది.

లేఖలో ఏముండాలి

ఫోనులో చెప్పిన మాట ఆ పూటకు పనికొస్తుంది. కానీ అమ్మినవారి దగ్గర బిల్లు కొట్టేవారు ఒకరు, రిటర్ను వేసేది ఆడిటర్ కార్యాలయంలో ఇంకొకరు అవుతుంటారు. మాట ఆడిటర్ దాకా చేరాలంటే రాతపూర్వకంగా ఉండాలి. మెయిల్‌లోనో లెటర్‌హెడ్ మీదో ఐదారు వరుసలు చాలు. ఖమ్మం దుకాణం రాయాల్సిన లేఖ ఇలా ఉండవచ్చు:

> అయ్యా,
>
> మీరు 09-12-2025న మాకు ఇచ్చిన HYD/25-26/1184 నంబరు బిల్లులో రెండు తప్పులు ఉన్నాయి.
>
> 1. మా జీఎస్టీ నంబరు 36ABCDE1243F1Z1 అని పడింది. సరైనది 36ABCDE1234F1Z1.
>
> 2. పైపు ధర 350 అని పడింది. మా ఆర్డరు ప్రకారం 320. దీనివల్ల విలువ 3,000, పన్ను 540 ఎక్కువ పడ్డాయి.
>
> డిసెంబర్ నెల మా 2బిలో ఈ బిల్లు రాలేదు. దయచేసి జనవరి జీఎస్టీఆర్-1లో దీన్ని మా సరైన నంబరు కింద చూపించి, 3,540 రూపాయలకు క్రెడిట్ నోటు ఇప్పించండి. ఈ లేఖను మీ ఆడిటర్ గారికి పంపగలరు. ఫిబ్రవరి 5లోగా మీ జవాబు కోరుతున్నాం.
>
> జతపరిచినవి: బిల్లు నకలు, ఆర్డరు నకలు, మా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు.

ఈ లేఖలో తప్పు అంకె, సరైన అంకె పక్కపక్కనే ఉన్నాయి. చదివినవారు పాత కాగితాలు వెతకకుండానే పని మొదలుపెట్టవచ్చు. అడిగిన పని ఏ నెల రిటర్నులో జరగాలో ఉంది. జవాబుకు పెట్టిన తేదీ రిటర్ను గడువు 11 కంటే ముందుంది. గడువు నాడు ఆడిటర్ కార్యాలయాల్లో ఊపిరి సలపదు కాబట్టి కనీసం ఐదారు రోజుల వ్యవధి అవసరం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జతచేస్తే, అటువైపు కస్టమర్ల జాబితాలో కూడా నంబరు సరిచేస్తారు. ఆ జాబితాలో సరిచేయకపోతే వచ్చే బిల్లులోనూ అదే తప్పు మళ్లీ వస్తుంది.

సవరణ రిటర్నులో జరిగినా దుకాణం చేతిలో ఉన్న కాగితం మీద పాత తప్పు అలాగే ఉంటుంది. దాన్ని పెన్నుతో కొట్టేసి దిద్దకూడదు. ఏ నెల రిటర్నులో ఎలా సరిచేశారో తెలిపే లేఖను అమ్మినవారి సంతకం, ముద్రతో తీసుకుని ఆ బిల్లుకు కుట్టి ఉంచాలి.

డబ్బు ఆపవచ్చా

బిల్లు సరయ్యేదాకా మొత్తం చెల్లింపు ఆపేయాలని కొందరికి అనిపిస్తుంది. చట్టం అక్కడ ఒక హద్దు పెట్టింది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా సరుకు విలువ, పన్ను చెల్లించకపోతే తీసుకున్న ఇన్‌పుట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. పైగా సరుకు అందుకుని డబ్బంతా ఆపితే వ్యాపార సంబంధం చెడుతుంది. వ్యాపారులు సాధారణంగా పాటించే పద్ధతి, వివాదం లేని సరుకు విలువను సకాలంలో చెల్లించి, పన్ను భాగాన్ని మాత్రం 2బిలో బిల్లు కనిపించేదాకా ఆపడం. ఖమ్మం ఉదాహరణలో 32,000 చెల్లించి 5,760 ఆపితే ఇద్దరికీ న్యాయం. ఈ షరతును కొనుగోలు ఆర్డరు మీదే ఒక వరుసలో రాసి ఉంచితే తర్వాత వాదన ఉండదు.

నవంబర్ 30 తర్వాత తలుపు మూసినట్టే

సవరణకూ, క్రెడిట్ నోటుకూ, ఇన్‌పుట్ తీసుకోవడానికీ చట్టం ఒకే రకమైన గడువు పెట్టింది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా ఆ ఏటి వార్షిక రిటర్ను వేసిన తేదీ, వీటిలో ఏది ముందైతే అది. 2025 డిసెంబర్ నాటి ఖమ్మం బిల్లుకు ఈ గడువు 2026 నవంబర్ 30. పైకి ఏడాది దాకా సమయం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అంత లేదు. అమ్మినవారు సవరించాలి, అది కొన్నవారి 2బిలోకి రావాలి, ఆ తర్వాత 3బిలో తీసుకోవాలి. ఈ మూడూ గడువులోగా జరగాలంటే, సవరణ నవంబర్ 11లోగా వేసే అక్టోబర్ జీఎస్టీఆర్-1లో పడి తీరాలి. ఆ రిటర్ను దాటితే కొన్నవారి వైపు నుంచి చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు.

అందుకే మార్చి ముగిశాక ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కొనుగోలు పుస్తకాన్ని 2బి పట్టికలతో ఒకసారి సరిచూసి, రాని బిల్లులన్నింటి జాబితా సప్లయర్‌వారీగా తీయడం మంచిది. సప్లయర్ ఎన్నిసార్లు అడిగినా జవాబివ్వకపోతే, పంపిన మెయిళ్లు, లేఖలు, చెల్లింపు రుజువులు దాచాలి. గడువు లోపలే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రాని పన్నును అతని బాకీలోంచి మినహాయిస్తామని స్పష్టంగా తెలపాలి. గడువు దాటాక ఆ పన్నును ప్రభుత్వం దగ్గర కాక, ఒప్పందం ప్రకారం ఆ సప్లయర్ దగ్గరే రాబట్టుకోవాల్సి వస్తుంది.

బిల్లు, సరిచేయమన్న లేఖ, దానికి జవాబు, క్రెడిట్ నోటు, 2బిలో కనిపించిన పేజీ నకలు, ఈ ఐదూ ఒకే కట్టలో ఉండాలి. ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల దాకా ఖాతాలు, పత్రాలు భద్రపరచాలని చట్టం చెబుతోంది. ఆరేళ్ల తర్వాత తనిఖీకి వచ్చిన అధికారికి దుకాణదారు జ్ఞాపకం రుజువు కాదు, ఆ కట్టే రుజువు.